పని ఎక్కడ ముగుస్తుందో ముందే రాసుకుందాం

(ఇంటి నుంచి పనిచేసే మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ గదిలో రెండు రకాల వాళ్ళం వున్నాం. అనువాదాలు, డీటీపీ, ప్రూఫులు, బొమ్మలు లాంటి పనులు ఇంట్లో కూర్చుని చేసిపెట్టేవాళ్ళం కొందరం. ఆ పనులు చేయించుకునే సంస్థల్లో వున్నవాళ్ళు మరికొందరు. చాలామంది కొన్నాళ్ళు ఇటూ కొన్నాళ్ళు అటూ వున్నవాళ్ళే. నేను చాలా ఏళ్ళుగా స్త్రీల సంస్థలకు తెలుగు అనువాదాలు చేస్తున్నాను, పేజీలు కూర్చి ఇస్తున్నాను. ఇవాళ ఒకే ఒక్క కాగితం గురించి మాట్లాడతాను. పని మొదలుపెట్టక ముందు రెండు పక్షాలూ కలిసి రాసుకుని సంతకాలు పెట్టే రెండు పేజీల కాగితం అది. ఇంగ్లీషులో దాన్ని స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్ అంటారు. నేను పని పత్రం అంటాను.

ముందు ఒక అనుభవం చెప్తాను. నా స్నేహితురాలికి ఒక సంస్థ 2005 నాటి గృహహింస చట్టం మీద ఇంగ్లీషు శిక్షణ పుస్తకం ఇచ్చి తెలుగు చెయ్యమంది. పదిహేను వేల పదాలు. ఆమెకు వచ్చిన ఉత్తరంలో వున్నది ఇంతే: "పుస్తకం అనువాదం, డీటీపీ చేసి ఇవ్వాలి. మొత్తం 40,000 రూపాయలు. పని పూర్తయ్యాక చెల్లిస్తాం." ఆ ఉత్తరంలో మోసం ఏమీ లేదు. రాసినవాళ్ళూ మంచివాళ్ళే. కానీ "పని పూర్తయ్యాక" అంటే ఎప్పుడు? అది ఎక్కడా లేదు.

ఆమె మొత్తం 200 గంటల పని అని లెక్కవేసుకుంది. అంటే గంటకు 200 రూపాయలు. అనువాదం పంపాక సంస్థ నుంచి నలుగురు నాలుగు సార్లు విడివిడిగా దిద్దుబాట్లు పంపారు. ఒకరు "బాధితురాలు" అనకూడదన్నారు, ఇంకొకరు అదే వుండాలన్నారు. పేజీలు కూర్చాక ఇంగ్లీషు పుస్తకంలో ఒక అధ్యాయం పెరిగిందన్నారు. అదీ చేసింది. చివరికి పుస్తకం అచ్చుకు వెళ్ళాక డబ్బు ఇస్తామన్నారు. అచ్చుకు నిధులు రాలేదు. ఏడు నెలల తర్వాత ఆమె చేతికి డబ్బు వచ్చింది. అప్పటికి 330 గంటల పని అయింది. 40,000ను 330తో భాగిస్తే గంటకు 121 రూపాయలు. అడ్వాన్సు కూడా లేదు కాబట్టి ఆ ఏడు నెలలూ సంస్థకు ఆమె అప్పు ఇచ్చినట్టే.

ఇలాంటి చోట మనం సాధారణంగా ఏమంటాం? "అందరం ఒకే ఉద్యమంలో వున్నాం కదా, డబ్బు గురించి ఎలా అడుగుతాం?" అంటాం. కానీ ఆ పుస్తకాన్ని అచ్చువేసే ప్రెస్సువాళ్ళకు సంస్థ కొటేషన్ అడిగి, అడ్వాన్సు ఇచ్చి, కాగితం మందం దగ్గర్నుంచి రాసి ఇస్తుంది. ఇంట్లో కూర్చుని అనువాదం చేసే ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ రాత అవసరం అనిపించదు. ఇంటిపనిలాగే ఈ పనికి కూడా మొదలుంటుంది, చివర వుండదు. పని పత్రం చేసేదల్లా ఆ చివరను గుర్తించి రాయడమే. అదే పుస్తకానికి ఆ పత్రం ఎలా వుండాల్సిందో ఒక్కొక్క అంశం తీసుకుని చూద్దాం.

మొదటిది, అందించాల్సినవి. "పుస్తకం అనువాదం" అనేది వస్తువు కాదు. చేతికిచ్చే ప్రతి ఫైలునూ పేరుపెట్టి రాయాలి. ఈ పుస్తకానికి నాలుగు వస్తాయి. ఒకటి, ముఖ్యమైన పదాల పట్టిక. రెండు, మొత్తం అనువాదం యూనికోడ్‌లో, వర్డ్ ఫైలుగా. మూడు, కూర్చిన పేజీల ప్రూఫు, పీడీఎఫ్‌గా. నాలుగు, అచ్చుకు పనికొచ్చే తుది పీడీఎఫ్, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్‌తో.

యూనికోడ్ అని ఎందుకు రాయాలో తెలుగులో పనిచేసేవాళ్ళకు తెలుసు. మన డీటీపీ చాలాకాలం అను ఫాంట్లలోనే నడిచింది, ఇప్పటికీ చాలా ప్రెస్సుల్లో నడుస్తోంది. అనులో చేసిన ఫైలు ఫోన్లో చదవడానికి, వెతకడానికి పనికిరాదు. దాన్ని యూనికోడ్‌లోకి మారిస్తే కొన్ని వత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. మళ్ళీ మొదటి నుంచీ ప్రూఫు చూడాల్సిందే. రాసుకోకపోతే పుస్తకం అయిపోయాక "వెబ్‌సైటులో పెట్టుకోవడానికి అదే ఫైలు యూనికోడ్‌లో ఇవ్వండి" అని ఒక చిన్న మాట వస్తుంది. ఆ చిన్న మాట వెనక వారం రోజుల పని వుంటుంది. పేజీలు కూర్చిన అసలు ఫైలు, అంటే తర్వాత ఎవరైనా తెరిచి మార్చుకోగల ఫైలు, ఇస్తున్నామో లేదో కూడా ఇక్కడే రాయాలి.

లెక్క దేనిమీదో కూడా రాయాలి. తెలుగులో విభక్తులు మాటకు అంటుకునే వుంటాయి కాబట్టి పదిహేను వేల ఇంగ్లీషు పదాలు తెలుగులోకి వచ్చేసరికి బాగా తగ్గుతాయి. మూలం మీద లెక్కా, అనువాదం మీద లెక్కా అని రాసుకోకపోతే బిల్లు దగ్గర గొడవ వస్తుంది. మూలం మీద రాసుకోవడమే మేలు, ఎందుకంటే పని మొదలవక ముందే ఆ సంఖ్య ఇద్దరికీ తెలుస్తుంది. మన ఉదాహరణలో పదిహేను వేల పదాలకు పదానికి 2 రూపాయల చొప్పున 30,000. పేజీ 125 చొప్పున 80 పేజీలకు 10,000. మొత్తం అదే 40,000. కానీ ఇప్పుడు ఆ మొత్తానికి ఒక కొలత వుంది. పని పెరిగితే డబ్బు ఎంత పెరగాలో ఆ కొలతే చెప్తుంది.

ఇవ్వనివి ఏమిటో కూడా ఒక వాక్యంలో రాయాలి. బొమ్మలు, ముఖచిత్రం, ప్రెస్సుతో మాట్లాడడం, అచ్చు ప్రూఫు చూడడం ఈ పనిలో లేవు అని రాస్తే, అవి కావాలనుకునేవాళ్ళు ముందే అడుగుతారు.

రెండోది, దిద్దుబాట్ల హద్దు. "రెండు సార్లు సవరిస్తాం" అని రాస్తే చాలదు. సవరణ అంటే ఏమిటో రాయాలి. మూడు రకాలు వుంటాయి, వాటిని విడదీయాలి.

అనువాదకురాలి తప్పు మొదటి రకం. వాక్యం వదిలేసినా, అర్థం మారినా, సెక్షను నంబరు తప్పు పడినా ఎన్నిసార్లయినా ఆమె ఉచితంగా దిద్దాలి. ఇది లెక్కలోకి రాదు. ఇది రాస్తేనే సంస్థకు ఈ హద్దు న్యాయంగా కనిపిస్తుంది.

అభిరుచి రెండో రకం. "ఈ మాట బరువుగా వుంది, ఈ వాక్యం తేలిక చెయ్యండి" లాంటివి. వీటికే రెండు విడతలు. మొదటి విడత వర్డ్ ఫైలు మీద, రెండోది కూర్చిన పేజీల మీద. రెండో విడతలో పదాలు మార్చవచ్చు, పేరాలు తిరగరాయకూడదు. ఎందుకంటే నలభయ్యో పేజీలో ఒక పేరా పెరిగితే ఆ అధ్యాయం చివరిదాకా పేజీలు జరుగుతాయి, విషయసూచిక మారుతుంది. మూడో విడత కావాలంటే గంటకు 250 రూపాయలు అని రాయాలి. సంఖ్య రాసి వుంటే మూడో విడత చాలాసార్లు రానే రాదు.

మూలమే మారడం మూడో రకం. కొత్త అధ్యాయం, కొత్త పట్టిక, మార్చిన పేరాలు. ఇది సవరణ కాదు, కొత్త పని. అదే రేటు, అదనపు గడువు. మా స్నేహితురాలికి వచ్చిన కొత్త అధ్యాయం మూడు వేల పదాలు. కొలత వుండి వుంటే అనువాదానికి 6,000, పదహారు పేజీలకు 2,000, కలిపి 8,000 రూపాయలు, పది రోజుల గడువు అయ్యేది. ఆమెకు వచ్చింది సున్నా.

దిద్దుబాట్లు ఎవరు పంపుతారన్నది కూడా రాయాలి. సంస్థలో నలుగురు చదవవచ్చు. కానీ ఆ నలుగురి మాటా ఒకచోట చేర్చి, పొంతన లేనివి వాళ్ళలో వాళ్ళే తేల్చుకుని, ఒకే వ్యక్తి ఒకే ఫైల్లో పంపాలి. ఆ వ్యక్తి పేరు పత్రంలో వుండాలి. లేకపోతే సంస్థలోపలి చర్చంతా అనువాదకురాలి చేత జరిపించినట్టు అవుతుంది.

ఇక్కడే పదాల పట్టిక సంగతి. మన పుస్తకాల్లో దిద్దుబాట్లు ఎక్కువగా వచ్చేది వాక్యాల మీద కాదు, పదాల మీద. "జెండర్" అని వుంచాలా, తెలుగు మాట వెతకాలా? "బాధితురాలు" అనాలా, "బాధిత మహిళ" అనాలా? "రక్షణాధికారి" అనాలా, "ప్రొటెక్షన్ ఆఫీసర్" అనాలా? ఇవి నిజంగా చర్చించాల్సినవే, రాజకీయమైనవి కూడా. కానీ పుస్తకం మొత్తం అయ్యాక చర్చిస్తే ప్రతి పేజీ మారుతుంది. అందుకే నలభై యాభై పదాలతో పట్టిక మొదటి వారంలోనే ఇచ్చి, సంస్థ చేత ఒప్పుకున్నట్టు రాయించుకోవాలి. ఆ తర్వాత ఒప్పుకున్న పదం మార్చమంటే అది మూడో రకం, కొత్త పని.

మూడోది, ఒప్పుకోలు. పంపిన ఫైలు మీద ఏ జవాబూ రాకపోతే ఏమిటి? ఇది రాయనందువల్లే పనులు నెలల తరబడి వేలాడతాయి. "ఫైలు అందిన పది పనిదినాల్లో దిద్దుబాట్లు రాతలో పంపాలి, రాకపోతే ఒప్పుకున్నట్టే" అని రాయాలి. సంస్థల వాళ్ళకు ఇది కటువుగా అనిపిస్తుంది. కానీ అదే పేరాలో ఆమె గడువులు కూడా వుంటాయి: పట్టిక ఒక వారంలో, అనువాదం ఆ తర్వాత ఆరు వారాల్లో, పేజీల ప్రూఫు దిద్దుబాట్లు అందాక మూడు వారాల్లో. సంస్థ జవాబు ఎన్ని రోజులు ఆలస్యమైతే ఆమె గడువు అన్ని రోజులు జరుగుతుంది. ఆమె ఆలస్యం చేస్తే వారానికి ఇంత తగ్గింపు అని రాసుకోవాలన్నా అభ్యంతరం లేదు. గడువు రెండువైపులా వుండాలి, అంతే.

నాలుగోది, డబ్బు విడతలు. ఇక్కడ ఒకటే సూత్రం. ప్రతి విడతా ఆమె చేతిలో వున్న పనికి ముడిపడాలి గానీ సంస్థ చేతిలో వున్నదానికో, నిధులిచ్చేవారి చేతిలో వున్నదానికో ముడిపడకూడదు. "అచ్చయ్యాక", "ఆవిష్కరణ సభ తర్వాత", "నిధులు వచ్చాక" అనే మాటలు కనిపిస్తే అక్కడ పెన్నుతో గీత పెట్టండి. అవేవీ ఆమె జరిపించగలిగినవి కావు.

మన పుస్తకానికి ఇలా పంచవచ్చు. సంతకాల రోజున 30 శాతం, 12,000 రూపాయలు; ఇది అందాకే పని మొదలవుతుంది. మొత్తం అనువాదం వర్డ్ ఫైలు పంపాక 40 శాతం, 16,000. తుది పీడీఎఫ్ పంపాక 30 శాతం, 12,000. బిల్లు అందిన పదిహేను రోజుల్లో చెల్లింపు. గమనించండి, రెండో విడత అనువాదం "ఒప్పుకున్నాక" కాదు, "పంపాక". అప్పటికి ఆమె పనిలో పెద్ద భాగం అయిపోతుంది. దిద్దుబాట్లు ఎలాగూ మిగిలి వుంటాయి, చివరి 12,000 సంస్థ దగ్గరే వుంటుంది. అటు వాళ్ళకూ భద్రత, ఇటు ఈమెకూ భద్రత.

మధ్యలో ఆగిపోతే అన్న వాక్యం కూడా కావాలి. సంస్థ ఆపేస్తే అప్పటిదాకా అయిన పదాలకు అదే రేటుతో చెల్లించాలి. అడ్వాన్సు అందులో సర్దుబాటు అవుతుంది, వెనక్కి ఇవ్వడం వుండదు. ఆమె మానేస్తే, అయినంత పని ఫైలు అప్పగించి, అడ్వాన్సులో మిగిలింది వెనక్కి ఇవ్వాలి.

పన్ను సంగతి ఒక మాట. వృత్తి సేవల ఫీజు ఏడాదిలో చట్టం పెట్టిన పరిమితి దాటితే సంస్థ 10 శాతం టీడీఎస్ కోస్తుంది. 12,000కు బదులు 10,800 వస్తే కంగారు పడకండి. ఆ 1,200 మీ పాన్ నంబరు మీద జమ అవుతుంది, రిటర్ను వేసి లెక్క చూసుకోవచ్చు. జమ అయిందా లేదా అన్నది మాత్రం చూసుకోవాలి. పత్రంలో రాసిన మొత్తం టీడీఎస్‌కు ముందుదా తర్వాతదా అని కూడా రాసుకోండి.

ఐదోది, హక్కులు. ఇది సంస్థల వాళ్ళు ముఖ్యంగా వినాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసింది యజమానికి చెందుతుంది. బయటి నుంచి చేసే అనువాదకురాలు ఉద్యోగి కాదు. డబ్బు ఇచ్చినంత మాత్రాన అనువాదం మీద హక్కు సంస్థకు రాదు. రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ చెయ్యాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళకనే లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోలు, వేయించుకున్న పెయింటింగుల విషయంలో మామూలు నియమం దీనికి తలకిందులు, హక్కు చేయించుకున్నవారిదే. కాబట్టి బొమ్మలు వేసేవాళ్ళు తమకేం మిగలాలో విడిగా రాసుకోవాలి. మనం రాయాల్సింది ఇది: "చివరి విడత అందిన రోజున అనువాదం మీది హక్కు సంస్థకు బదిలీ అవుతుంది. పుస్తకంలో అనువాదకురాలి పేరు వేయాలి. మూల పుస్తకాన్ని అనువదించే అనుమతి తెచ్చే బాధ్యత సంస్థది." మొదటి వాక్యం వుంటే ఆఖరి విడత ఇవ్వకుండా పుస్తకం పంచడం కుదరదని సంస్థకూ తెలుస్తుంది.

ఇంత రాసినా డబ్బు రాకపోతే? నోటిమాట ఒప్పందం కూడా మన చట్టంలో చెల్లుతుంది, ఈమెయిలు ఒప్పందమూ చెల్లుతుంది. కష్టమల్లా రుజువు దగ్గరే. అందుకే ఫోన్లో మాట్లాడాక "ఇవాళ మనం అనుకున్నది ఇది" అని రెండు వాక్యాలు మెయిల్లోనో వాట్సాప్‌లోనో పంపండి.

ఇంకొక దారి 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం. ఒంటరిగా అనువాదాలు చేసే మనిషి కూడా సూక్ష్మ సంస్థగా ఉద్యమ్ నమోదు చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. నమోదు అయిన వాళ్ళకు రాసుకున్న గడువులోగా, ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. గడువే రాయకపోతే పని ఒప్పుకున్న నాటి నుంచి 15 రోజుల్లో. పని అందిన 15 రోజుల్లోగా రాతలో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. దీనికోసం రాష్ట్రంలో వుండే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్ళాలి. ఒప్పందానికి ముందే నమోదు అయ్యారా లేదా అన్న ప్రశ్న కోర్టుల దాకా వెళ్ళింది కాబట్టి, బకాయి పడ్డాక కాకుండా ముందే నమోదు చేసుకోండి.

అయితే 12,000 రూపాయల కోసం, రేపు మళ్ళీ పని ఇవ్వాల్సిన సంస్థ మీద కౌన్సిల్‌కు వెళ్ళేవాళ్ళు మనలో ఎందరు? చాలా తక్కువ. పని పత్రం బలం కౌన్సిల్‌లో కన్నా మొదటి రోజున వుంటుంది. "నాలుగో విడత దిద్దుబాటు ఉచితమా?" అన్న ప్రశ్న ఇద్దరూ అలసిపోయి, గడువు మీదకొచ్చి వున్నప్పుడు తేలదు. పని మొదలవక ముందు, మనసులు బాగున్నప్పుడు తేలుతుంది. సంతకం పెట్టడానికి ఇష్టపడని సంస్థతో పని ఎలా వుంటుందో కూడా ఆ రోజే తెలిసిపోతుంది.

రెండు వేలు, మూడు వేల పనికి రెండు పేజీల పత్రం అక్కర్లేదు. ఐదు వాక్యాల మెయిలు చాలు: ఏం ఇస్తాను, ఎప్పుడు ఇస్తాను, ఎన్నిసార్లు మారుస్తాను, ఎంత, ఎప్పుడు ఇవ్వాలి. అవతలివాళ్ళు "సరే" అని జవాబిచ్చాకే మొదలుపెట్టండి.

సంస్థల్లో వున్నవాళ్ళకు ఆఖరి మాట. అడ్వాన్సు ఇవ్వలేకపోవడానికి మీరు చెప్పే కారణం చాలాసార్లు నిజమే, నిధులు విడతలుగా వస్తాయి. కానీ నిధులకు ప్రతిపాదన రాసేటప్పుడు అచ్చు ఖర్చుకు ఒక వరుస రాస్తారు. దాని పైనే అనువాదానికి ఒక వరుస, పేజీల కూర్పుకు ఒక వరుస, అదనపు సవరణలకు ఒక వరుస రాయండి. మొదటి విడత నిధుల్లోనే 30 శాతం అడ్వాన్సు పడేలా చూడండి. పని పత్రం నమూనా మీ ఆఫీసులోనే తయారుచేసి పెట్టుకోండి. పని అడగడానికి వచ్చిన అమ్మాయి దాన్ని అడగడానికి మొహమాటపడుతుంది. మీరే బల్ల మీద పెడితే ఆ మొహమాటం వుండదు.